సోలార్ తోట దీపంలో సెల్లు చచ్చిందా, పస్తులుంటోందా: తేల్చుకునే పద్ధతి

రాజోలు దగ్గర మా ఇంటి ప్రహరీ పొడవునా ఆరు సోలార్ దీపాలు పాతి రెండేళ్లు దాటింది. మొదటి వేసవిలో అవి తెల్లవారుజాము దాకా వెలిగేవి. రెండో వానాకాలం వెళ్లేసరికి రాత్రి భోజనాలు ముగియకముందే ఒక్కొక్కటే ఆరిపోవడం మొదలుపెట్టాయి. ఒక దీపాన్ని పట్టుకుని బజారులోని దుకాణానికి వెళితే, అక్కడాయన మూత కూడా తెరవకుండా, “ఆయ్, బ్యాటరీ పోయిందండీ, రెండేళ్లొచ్చింది కదండీ, మార్చేయండి” అన్నారు. ఆరింటికీ కొత్త సెల్లులు కొని వేశాను. మూడు రాత్రులు దేదీప్యమానంగా వెలిగాయి. నాలుగో రాత్రి నుంచి మళ్లీ మూడు గంటలే.

కొత్త సెల్లు నాలుగు రోజుల్లో ముసలిదైపోదు. కాబట్టి లోపం మరెక్కడో ఉందని తేలిపోయింది. పాత సెల్లులను పారేయకుండా డబ్బాలో దాచి ఉంచినందువల్ల, ఒక మల్టీమీటరు, రెండు రెసిస్టర్లు పెట్టుకుని ఒక్కొక్కదాన్నీ పరీక్షించగలిగాను. ఆ ఆరింటిలో నిజంగా చచ్చినవి రెండే. తక్కిన నాలుగూ బతికే ఉన్నాయి. వాటికి తిండి అందలేదు, అంతే. ఆ తేడాను ఇంట్లోనే ఎలా కనిపెట్టాలో, ఏ వరుసలో కనిపెట్టాలో ఇక్కడ వివరిస్తాను. వరుస ఎందుకు ముఖ్యమంటే, అందరూ మొదట అనుమానించే సెల్లును చివర చూడాలి.

ముందుగా లెక్క అర్థం చేసుకోవాలి

ఈ చిన్న దీపాలలో సాధారణంగా ఒకే ఒక్క నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్లు ఉంటుంది. దాని వోల్టేజి 1.2. ఎల్‌ఈడీ వెలగడానికి సుమారు 3 వోల్టులు కావాలి కనుక, నాలుగు కాళ్లున్న ఒక బుల్లి చిప్పు, దాని పక్కన రెసిస్టరులాగా కనిపించే ఒక కాయిలు కలిసి ఆ 1.2ను పైకి పెంచుతాయి. వెలుతురు పోయిందో లేదో కనిపెట్టడానికి వేరే కన్ను ఉండదు. ప్యానెల్ వోల్టేజి పడిపోగానే ఆ చిప్పే దీపాన్ని వెలిగిస్తుంది.

మా దీపాల సెల్లుల మీద 600 ఎంఏహెచ్ అని ఉంది. అంటే ఆ సెల్లు 60 మిల్లీ ఆంపియర్ల కరెంటును పది గంటల పాటు ఇవ్వగలదని స్థూలంగా చెప్పుకోవచ్చు. పెట్టెలోంచి తీయకుండా మిగిలిపోయిన ఏడో దీపం ఒకటి మా అటక మీద ఉంది. దాని ప్యానెల్ మిట్టమధ్యాహ్నం 64 మిల్లీ ఆంపియర్లు ఇచ్చింది. మన కోస్తాలో ఒక మంచి రోజున పడే ఎండనంతా మధ్యాహ్నపు ఎండగా కుదించి చూస్తే సుమారు ఐదు గంటలు వస్తుంది. 64ను ఐదుతో గుణిస్తే 320. అయితే నికెల్ సెల్లు లోపలికి వెళ్లినదంతా తిరిగి ఇవ్వదు. వేడిలో ఛార్జింగ్ అయ్యే ఇలాంటి చోట నాలుగింట మూడు వంతులు కూడా చేతికి రాకపోవచ్చు. నేను నూటికి డెబ్బై రెండు లెక్కన వేసుకుంటే సుమారు 230 ఎంఏహెచ్ మిగిలింది. దీపం వెలిగేటప్పుడు సెల్లు నుంచి లాగే కరెంటు 25 మిల్లీ ఆంపియర్లని మీటరులో కనిపించింది. అంటే దీపం కొత్తలో కూడా ఆ ప్యానెల్ ఒక రోజులో సంపాదించేది తొమ్మిది గంటల వెలుగు మాత్రమే.

ఈ లెక్కలో అందరూ దాటిపోయే విషయం ఒకటుంది. సెల్లు పట్టు 600 అయినా, రోజూ దానిలోకి చేరి ఖర్చయ్యేది 230 మాత్రమే. తక్కినదంతా మామూలు రోజున నిండని ఖాళీ చోటు. కాబట్టి రెండేళ్ల తరవాత ఆ సెల్లు మూడో వంతు బలం కోల్పోయి 400కు దిగినా, మామూలు రోజున దీపం వెలిగే గంటలు తగ్గవలసిన పని లేదు. గంటలు తగ్గాయంటే మొదట అనుమానించవలసింది గాదెను కాదు, గాదెలోకి వచ్చే ధాన్యాన్ని.

నా కొత్త సెల్లుల కథ కూడా ఈ లెక్కతోనే తేలిపోయింది. మాసిపోయిన నా ప్యానెళ్లు అప్పటికి ఇరవై మిల్లీ ఆంపియర్ల దగ్గర ఉన్నాయి. అవి రోజుకు చేర్చగలిగింది సుమారు 75 ఎంఏహెచ్. పన్నెండు గంటల రాత్రికి కావలసింది 300. నిండుగా ఛార్జి చేసి పెట్టిన 600 సెల్లు మొదటి రాత్రి 300 ఖర్చు పెట్టి, పగలు 75 కూడబెట్టి, రెండో రాత్రికి 375తో దిగింది. మూడో రాత్రికి 150 మిగిలితే ఆరు గంటలు వెలిగింది. ఆ తరవాత ఏ రోజు సంపాదన ఆ రోజుకే సరిపోయి మూడు గంటల దగ్గర నిలిచిపోయింది. 2000 ఎంఏహెచ్ సెల్లు వేస్తే దీపం ఇంకా బాగా వెలుగుతుందని చెప్పేవారున్నారు. అదే లెక్క వేయండి: ఎనిమిది రాత్రులు నిండా వెలిగి, తొమ్మిదో రాత్రి ఎనిమిది గంటలకు దిగి, పదో రాత్రి నుంచి మళ్లీ ఆ మూడు గంటలకే వస్తుంది. పెద్ద గాదె కట్టినంత మాత్రాన పంట పెరగదు కదా.

మొదటి పని: ప్యానెల్ కొలవడం

దీపం పైభాగాన్ని విప్పి, సెల్లు తీసి పక్కన పెట్టండి. ప్యానెల్ నుంచి బోర్డుకు వచ్చే ఎర్ర, నల్ల తీగలు ఎక్కడ అతికించి ఉన్నాయో చూడండి. మల్టీమీటరును డీసీ కరెంటులో 200 మిల్లీ ఆంపియర్ల స్థానానికి తిప్పి, దాని రెండు మొనలను ఆ రెండు అతుకుల మీద నేరుగా ఆనించండి. సెల్లు విషయంలో ఇలా ఎప్పుడూ చేయకూడదు, మీటరు ఫ్యూజు పోతుంది. కానీ ఇంత చిన్న ప్యానెల్‌ను ఈ విధంగా షార్టు చేయడం వల్ల దానికి గాని మీటరుకు గాని ఏ హానీ లేదు. సోలార్ ప్యానెల్ ఆరోగ్యాన్ని వోల్టేజితో చూడకూడదు. మసకబారిన ప్యానెల్ కూడా ఎండలో ఇంచుమించు కొత్తదాని వోల్టేజినే చూపించి మోసం చేస్తుంది. వెలుతురుకు తగ్గట్టు పెరిగి తగ్గేది ఈ షార్టు కరెంటే.

కొలత మధ్యాహ్నం పన్నెండు, ఒంటిగంట మధ్య, మబ్బు తునక లేని వేళ చేయాలి. మన దగ్గర డిసెంబరులో మధ్యాహ్నం కూడా సూర్యుడు నడినెత్తికి రాడు, దక్షిణానికి బాగా వాలి ఉంటాడు. కాబట్టి ప్యానెల్‌ను చేత్తో పట్టుకుని సూర్యుడికి ఎదురుగా తిప్పి, మీటరులో అన్నిటికన్నా పెద్ద అంకె కనిపించిన చోట రాసుకోండి. అన్ని దీపాలనూ పది నిమిషాలలోపు కొలిస్తేనే వాటి మధ్య పోలిక నమ్మదగినది. పోల్చడానికి కొత్త దీపం లేకపోతే, ఇంట్లో ఉన్నవాటిలో మూత అద్దంలాగా మెరుస్తున్నదాన్ని కొలమానంగా పెట్టుకోండి.

నా ఆరు దీపాలకు వచ్చిన అంకెలు ఇవి: మొదటిదానికి 21, రెండోదానికి 18, మూడోదానికి 24, నాలుగోదానికి 20, ఐదోదానికి 52, ఆరోదానికి 22. అటక మీది కొత్తదానిది 64. ఐదోది మాత్రం గాజు మూత ఉన్న వేరే రకం. తక్కినవన్నీ ప్యానెల్ మీద పారదర్శకమైన ఎపాక్సీ జిగురు పోసి గట్టిపరచినవి. ఆ జిగురు ఎండకు పసుపెక్కి, పైపొర పాలగాజులాగా తెల్లబారుతుంది. రెండు రోహిణీ కార్తెలు గడిచిన ప్యానెల్‌ను ఏటవాలుగా వెలుతురులో పట్టి చూస్తే సన్నని పగుళ్లతో చేప పొలుసులాగా కనిపిస్తుంది.

ప్యానెల్‌ను బాగుచేయడం

మొదట సబ్బు నీళ్లతో, మెత్తని గుడ్డతో కడగండి. దాళ్వా కోతల రోజుల్లో నూర్పిడి దుమ్ము, కాలవ గట్టు మీద తిరిగే లారీల దుమ్ము మంచుకు తడిసి అట్టకట్టి ఉంటాయి. బోరు నీళ్లతో మొక్కలు తడిపే ఇళ్లలో మరో పొర కూడా ఉంటుంది. సముద్రం వైపు ఊళ్లలో బోరు నీరు ఉప్పగా, కటికగా ఉంటుంది కనుక, చల్లిన ప్రతిసారీ ప్యానెల్ మీద తెల్లని సున్నపు మచ్చలు మిగులుతాయి. అవి సబ్బుకు పోవు. నిమ్మచెక్కతో రుద్ది ఐదు నిమిషాలు వదిలేస్తే కరిగిపోతాయి. నా మొదటి ప్యానెల్ కడిగిన తరవాత 21 నుంచి 27కు, నిమ్మకాయ తరవాత 29కి వచ్చింది.

అంతకు మించి రావాలంటే పైపొరను అరగదీయాలి. 800 నంబరు నీటి ఎమరీ కాగితాన్ని తడిపి, తెల్లని పాలు కారడం ఆగేదాకా గుండ్రంగా, తేలికగా రుద్దండి. తరవాత 1500, ఆపైన 2000 నంబరు కాగితంతో రుద్ది, చివరగా టూత్‌పేస్టుతో మెరుగు పెట్టండి. ఈ దశలో ప్యానెల్ మునుపటికన్నా మసకగా కనిపించి గుండె జారుతుంది, భయపడకండి. పూర్తిగా ఆరిన తరవాత, ఎండను తట్టుకునే పారదర్శక వార్నిషు ఒక పలచని పూతగా వేస్తే గీతలన్నీ నిండి మళ్లీ నల్లగా మెరుస్తుంది. వార్నిషు దొరకకపోతే రంగులేని గోళ్ల రంగు కూడా పనిచేస్తుంది గాని, ఒక వేసవికే పెచ్చులు లేస్తుంది. నా మొదటి ప్యానెల్ ఈ పని తరవాత 49 ఇచ్చింది. అంటే రోజుకు సుమారు 176 ఎంఏహెచ్, ఏడు గంటల వెలుగు. సెల్లును ముట్టుకోకుండానే మూడు గంటలు ఏడయ్యాయి.

ఈ చికిత్స ఎపాక్సీ పోసిన ప్యానెళ్లకే. పైన ప్లాస్టిక్ పొర అతికించిన రకంలో ఆ పొర బుడగలు లేచి, లోపలికి నీరు దిగి, అడుగున రాగి రేకు పచ్చబడి ఉంటే రుద్ది ప్రయోజనం లేదు. గాజు మూతకు కడగడం ఒక్కటే చాలు.

ఇక ఐదో దీపం సంగతి. ప్యానెల్ 52 ఇస్తున్నా దీపం నాలుగు గంటలకు మించి వెలగలేదు. ఉదయం పది గంటలకు దాన్ని పాతిన చోటనే ఉంచి కొలిస్తే మీటరు 9 చూపించింది. పక్కింటి కొబ్బరి చెట్టు రెండేళ్లలో ఎదిగి, దాని మట్ట నీడ సరిగ్గా ఆ వేళకు ప్యానెల్ మీద పడుతోంది. ఈ ప్యానెల్‌లో నాలుగు ముక్కలు వరుసగా, ఒకదాని వెనక ఒకటి కలిపి ఉంటాయి. ఒకే కాలవ మీద నాలుగు తూములున్నట్టు అనుకోండి: ఒక తూము మూసుకుపోతే మొత్తం నీరు ఆగినట్టే, ఒక ముక్క మీద నీడ పడితే తక్కిన మూడు ముక్కలు ఎండలో ఉన్నా కరెంటు పడిపోతుంది. కాకి రెట్ట ఒకటి చాలు. దీపాన్ని రెండు గజాలు పక్కకు జరిపాను, అంతకన్నా దానికి చేసిందేమీ లేదు. కొబ్బరి తోటలున్న మన ప్రాంతంలో దీపాలు పాతేటప్పుడు, ఉదయం తొమ్మిది నుంచి మధ్యాహ్నం మూడు దాకా ఆ చోటును ఒక రోజు గమనించి పాతడం మంచిది. ఏడాదికోసారి మళ్లీ చూడాలి.

రెండో పని: స్ప్రింగులు, చిలుము

సెల్లు కూర్చునే గూట్లో స్ప్రింగు, ఎదుటి రేకు ఎలా ఉన్నాయో చూడండి. తీరగాలిలోని ఉప్పు తేమ ఇనుప స్ప్రింగును ఎర్రగా తుప్పు పట్టిస్తుంది. సెల్లు చివర తెల్లని పొడిలాంటి పొక్కులు కనిపిస్తే అది వేరే సంగతి: లోపలి పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రవం ఊరి, గాలి తగిలి గట్టిపడినది. అది చర్మాన్ని, కళ్లను కాలుస్తుంది కనుక వేళ్లతో గీకకండి. ఊరిన సెల్లును వాడవద్దు. గూటిని వెనిగరు లేదా నిమ్మరసంలో ముంచిన దూదితో తుడిచి, తరవాత మంచినీటి గుడ్డతో తుడిచి ఆరబెట్టాలి.

పైకి బాగానే కనిపించే స్ప్రింగు కూడా మోసం చేయగలదు. దీపాన్ని వెలిగించి, అంటే ప్యానెల్‌ను అరచేత్తో మూసి, సెల్లు రెండు చివర్ల మీదనే వోల్టేజి చూడండి. తరవాత బోర్డు మీద తీగలు అతికిన చోట చూడండి. నా మూడో దీపంలో సెల్లు దగ్గర 1.28, బోర్డు దగ్గర 1.05 ఉంది. మధ్యలో తుప్పు 0.23 వోల్టులు మింగేస్తోంది. ఈ చిప్పులలో చాలా రకాలు వోల్టేజి సుమారు 0.9కి దిగితే సెల్లు ఖాళీ అయిందని భావించి దీపాన్ని ఆర్పేస్తాయి. తుప్పు మింగిన భాగాన్ని కూడా అది సెల్లు బలహీనతగానే లెక్కిస్తుంది. ఎమరీ ముక్కతో స్ప్రింగును మెరిసేదాకా గీకి, కొద్దిగా వాజలిన్ రాస్తే రెండు కొలతలూ ఒకటయ్యాయి.

మూడో పని: సెల్లు పట్టు కొలవడం

సెల్లును ఉత్తినే మీటరుతో కొలిచి 1.25 వచ్చింది కనుక మంచిదని గాని, 0.4 వచ్చింది కనుక చచ్చిందని గాని నిర్ణయించకండి. నికెల్ సెల్లు వోల్టేజి నిండుగా ఉన్నప్పుడూ సగం ఖాళీ అయినప్పుడూ ఇంచుమించు ఒకేలాగా ఉంటుంది. దానికి బరువు ఎత్తి, అంటే దాని నుంచి కరెంటు లాగి చూస్తేనే నిజం బయటపడుతుంది.

ఈ సెల్లుల అసలు పట్టును కొలవడానికి ఒక అంతర్జాతీయ ప్రమాణం ఉంది: పట్టులో పదో వంతు కరెంటుతో 16 గంటలు ఛార్జి చేసి, కాసేపు ఊరుకోనిచ్చి, ఐదో వంతు కరెంటుతో 1.0 వోల్టు వచ్చేదాకా ఖాళీ చేయాలి. 600 ఎంఏహెచ్ సెల్లుకు ఇది ఇంట్లోనే కుదిరిపోతుంది. పాత ఫోను ఛార్జరు 5 వోల్టులు ఇస్తుంది. ధన తీగలో 56 ఓముల, ఒక వాట్ రెసిస్టరును పెట్టి సెల్లుకు కలిపితే, 5 నుంచి సెల్లు వోల్టేజి 1.4 తీసేయగా మిగిలిన 3.6ను 56తో భాగిస్తే 64 మిల్లీ ఆంపియర్లు వస్తాయి. పదో వంతు అంటే ఇదే. ధన ధ్రువం ధనానికే కలిసిందని రెండుసార్లు చూసుకోండి. సాయంత్రం ఆరుకు పెడితే మర్నాడు ఉదయం పదికి తీయాలి. ఈ మెల్లని ఛార్జింగ్‌లో కాస్త ఎక్కువసేపు ఉన్నా ప్రమాదం లేదు. నిండిన తరవాత లోపల పుట్టే ఆక్సిజన్‌ను ఎదుటి పలక తిరిగి నీరుగా కలిపేసుకుంటుంది, సెల్లు గోరువెచ్చన అవుతుంది. సోలార్ దీపాలలో ఛార్జింగును ఆపే ఏర్పాటు సాధారణంగా లేకపోయినా సెల్లు పేలకుండా ఉండటానికి కారణం కూడా ప్యానెల్ ఇచ్చేది ఈ మాత్రమే కావడం.

గంట సేపు ఊరుకోనిచ్చి, సెల్లుకు 10 ఓముల రెసిస్టరును కలపండి. 1.2ను పదితో భాగిస్తే 120 మిల్లీ ఆంపియర్లు, సరిగ్గా ఐదో వంతు. కలిపిన వేళ రాసుకుని, పావుగంటకోసారి వోల్టేజి చూడండి. 1.0కు దిగగానే రెసిస్టరు తీసేయాలి. మరిచిపోయి రాత్రంతా వదిలేస్తే మంచి సెల్లును మీరే చెడగొట్టినవారవుతారు. ఎన్ని గంటలు పట్టిందో దాన్ని 120తో గుణిస్తే ఆ సెల్లు నిజమైన పట్టు వస్తుంది. నా మొదటి సెల్లు 3 గంటల 35 నిమిషాలు నిలిచింది. అంటే 430 ఎంఏహెచ్. రెండేళ్లకు ఏడు వందల పైచిలుకు రాత్రులు పనిచేసిన సెల్లుకు ఇది గౌరవప్రదమైన వృద్ధాప్యమే. రెండోది 410, మూడోది 390, ఐదోది 450. నాలుగోది ముప్పావుగంటలో చేతులెత్తేసింది, 90 మాత్రమే. ఆరోదాన్ని ద్రవం ఊరినందువల్ల కొలవనే లేదు.

ఎంత ఉంటే ఉంచుకోవాలి? ప్యానెల్ రోజుకు చేర్చగలిగిన 230 కన్నా సెల్లు పట్టు కాస్త పైన ఉండాలి. నేను 300ను గీతగా పెట్టుకున్నాను.

నిద్రపోయిన సెల్లును లేపడం

ఒక్కోసారి సెల్లు 0.2 వోల్టులకు పడిపోయి ఉంటుంది. దుకాణంలో కొన్న తెలివైన ఛార్జరులో పెడితే ఎర్ర దీపం మిణుకుమిణుకుమని చెడిపోయిందంటుంది. ఆ ఛార్జరు చాలా తక్కువ వోల్టేజి ఉన్న సెల్లును సెల్లుగా గుర్తించదు, అంతకన్నా మరేం కాదు. ముసురు పట్టిన శ్రావణంలో వారం రోజులు ఎండ లేకపోతే, ఆర్పే ఏర్పాటు సరిగా లేని చౌక దీపాలు సెల్లును అడుగంటా పిండేస్తాయి. అలాంటిదాన్ని పైన చెప్పిన 56 ఓముల ఛార్జింగుకు పెట్టి మీటరు చూస్తూ కూర్చోండి. కొద్ది నిమిషాలలోనే 1.1 దాటి, మెల్లగా 1.3, 1.4 వైపు ఎక్కితే అది నిద్రపోయిందే గాని చావలేదు. 16 గంటలు పూర్తిచేసి, పట్టు కొలిచి, మళ్లీ అదే పని రెండుసార్లు చేయండి. పొరుగున మా బాబాయి వాళ్ల దీపంలోని సెల్లు ఇలా మొదటిసారి 210, రెండోసారి 330, మూడోసారి 360 ఇచ్చింది. నాలుగోసారి చేయడం వృథా. అది ఎక్కవలసినంత ఎక్కింది.

నిజంగా చచ్చిన సెల్లు వేరే విధంగా ప్రవర్తిస్తుంది. అరగంట ఛార్జింగులో ఉన్నా 1.0 దాటకపోతే లోపల షార్టు అయిందన్న మాట. దీనికి విరుద్ధంగా, పెట్టిన వెంటనే 1.6 దాటి ఎగిరి, 10 ఓముల బరువు పెట్టగానే 1.0 కిందికి కూలిపోతే లోపల ఎండిపోయింది. నా నాలుగో సెల్లు ఈ రెండో రకం. హైడ్రోజన్‌ను దాచుకునే లోహమిశ్రమం, అంటే లాంథనం వంటి అరుదైన లోహాలు నికెల్‌తో కలిసినది, ఏళ్ల తరబడి ఆ క్షార ద్రవంలో కొద్దికొద్దిగా తుప్పు పడుతుంది. ఆ తుప్పుకు నీరు ఖర్చవుతుంది. పలకల మధ్య తడి గుడ్డలాగా ఉండవలసిన పొర పొడిబారి, కరెంటు పారే దారి మూసుకుపోతుంది. వేడి ఈ పనిని తొందరపెడుతుంది. మే నెలలో ఆ నల్లని ప్యానెల్ కింది గూట్లో చేయి పెట్టి చూడండి, పెట్టలేరు. సుమారు 45 డిగ్రీలు దాటిన దగ్గర నుంచి సెల్లు ఛార్జిని సరిగా తీసుకోదు కూడా. వచ్చిన కరెంటులో పెద్ద భాగం ఆక్సిజన్‌గా, వేడిగా మారిపోతుంది. మండుటెండల్లో దీపం తక్కువసేపు వెలగడం చూసి ఆశ్చర్యపోయేవారికి ఇదే జవాబు. ఎండిపోయిన సెల్లును తిరిగి తడిపే మార్గం లేదు.

పస్తులకూ చావుకూ మధ్య సంబంధం కూడా ఉంది. ప్యానెల్ మాసిపోయి పస్తులున్న సెల్లు ప్రతి తెల్లవారుజామునా అడుగు చూసి, రోజులో ఎక్కువ భాగం ఖాళీగానే గడుపుతుంది. అలా నెలలు గడిస్తే, పలకలో కరెంటును చేరవేసే సన్నని కోబాల్టు పూత చెదిరిపోయి, బాగుపడని నష్టం జరుగుతుంది. అంటే ప్యానెల్ జబ్బును పట్టించుకోకపోతే చివరికి దుకాణదారుడి మాటే నిజమవుతుంది. అందువల్ల ముసురు వారం దాటేలా ఉంటే నేను దీపాల స్విచ్చి ఆపేస్తున్నాను. ఆపిన దీపంలోకి పగటిపూట ఛార్జింగ్ వెళ్లదు చాలా రకాలలో, కానీ అడుగంటా ఖాళీ అవడం కూడా ఆగుతుంది.

కొత్త సెల్లు కొనవలసి వస్తే

పాత సెల్లు మీద రాసినది చదివి, అదే కొలత, అదే 1.2 వోల్టులు, నికెల్ మెటల్ హైడ్రైడ్ అని ఉన్నదాన్నే తీసుకోండి. 3.2 వోల్టులని రాసి ఉంటే అది లిథియం రకం దీపం. ఈ వ్యాసంలోని అంకెలేవీ దానికి వర్తించవు, ఈ ఛార్జింగ్ పద్ధతి అసలే వాడకూడదు. గడియారాలలో వేసే 1.5 వోల్టుల మామూలు సెల్లు వేస్తే ఆ రాత్రికి వెలుగుతుంది గాని, మర్నాటి ఎండకు ఛార్జి అవడానికి అది పుట్టలేదు. కొద్ది రోజుల్లో ఊరి గూటిని తినేస్తుంది. పెద్ద అంకె చూసి మోసపోవద్దు. చేతిలో దూదిపింజలాగా ఉండి, పైన మాత్రం 2000 అని రాసి ఉన్న సెల్లును కిరాణా త్రాసులో వేయండి. నిజమైన 2000 ఎంఏహెచ్ పెన్సిలు సెల్లు పాతిక గ్రాములకు పైగా తూగుతుంది. ఉన్నవాటిలో తనంతట తాను తక్కువగా ఖాళీ అయ్యే రకం దొరికితే, మబ్బు రోజులు ఎక్కువైన మనకు అది మేలు. చచ్చిన సెల్లులను కాలవలో గాని చెత్త మంటలో గాని వేయకండి. మరీ పాత దీపాలలో నికెల్ కాడ్మియం సెల్లులుంటాయి, కాడ్మియం విషం.

మా ఆరు దీపాలలో నాలుగింటికి పాత సెల్లులే తిరిగి వేశాను. నాలుగోదానికీ ఆరోదానికీ మాత్రం ఆ కొత్తవాటిలో రెండు ఉంచాను. ఐదు ప్యానెళ్లు అరగదీసి వార్నిషు వేశాను. కార్తీక పౌర్ణమి తరవాత, ఆకాశం తేటపడిన ఒక వారంలో గడియారం పెట్టుకుని చూస్తే, పాత సెల్లున్న మొదటి దీపం ఆరు గంటల నలభై నిమిషాలు, కొత్త సెల్లున్న నాలుగో దీపం ఆరు గంటల యాభై నిమిషాలు వెలిగాయి. మిగిలిన నాలుగు కొత్త సెల్లులూ టీవీ రిమోట్లలోకి వెళ్లాయి.